ముప్పై నాలుగు పేజీల అప్పగింత

రాజీనామా మెయిల్ పెట్టమని చెప్పింది వీరేషే. ఆ మాట అతనికి తర్వాత ఎన్నిసార్లు గుర్తొచ్చిందో లెక్కలేదు. జూన్ చివరి సోమవారం పొద్దున, చేతిలో టీ గ్లాసుతో మల్లిక బల్ల దగ్గర నిలబడి, "నోటితో చెప్తే చాలదు మల్లికా. ఒక మెయిల్ పడేయ్. రికార్డుకు ఉంటాది" అన్నాడు. మల్లిక నవ్వింది. వెనక బల్ల మీదనుంచి కిషోర్, "అక్కా, నీ సూట్‌కేసులో నన్ను గూడా మడిచి పెట్టుకో. బరువు తక్కువే ఉండాను" అని అరిచాడు. ఆ రోజు ఆఫీసులో అందరూ నవ్వారు.

ఆఫీసు అంటే హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద, ఒక టైర్ల షాపు పైన రెండు గదులు. కింద లారీ చక్రాలకు గాలి కొట్టే చప్పుడు, పైన కీబోర్డుల చప్పుడు. బెంగళూరులో పదకొండేళ్లు పెద్ద కంపెనీలో పనిచేసిన వీరేష్, కరోనా అప్పుడు ఊరికొచ్చి మళ్లీ వెనక్కి పోలేదు. పాతికేళ్ల పిల్లలంతా సూట్‌కేసు పట్టుకొని బెంగళూరు రైలు ఎక్కాల్సిందేనా, ఇక్కడే కూర్చొని ఆ పని ఎందుకు చేయకూడదు అన్నది అతని పంతం. పంతం మీద పెట్టిన ఆఫీసులో ఐదేళ్లకు మిగిలింది అతనితో కలిపి నలుగురు. ధర్మవరంనుంచి రోజూ రైల్లో వచ్చే కిషోర్ మగ్గాలవాళ్ల పిల్లోడు. పెనుకొండనుంచి అదే రైలెక్కే కల్పన పని టెస్టింగ్, అంటే మిగతావాళ్లు రాసినదాంట్లో తప్పులు వెతకడం. మొగుడు వదిలేసి పోతే నాలుగో తరగతి చదివే కూతురితో పుట్టింట్లో ఉంటోంది. ఇక మల్లిక.

ఆఫీసుకు పని ఇచ్చేది ఒకే ఒక్క కంపెనీ. బెంగళూరులో పాలు సేకరించే సంస్థ అది. పొద్దున ఏ వ్యాను ఏ ఊళ్లకు, ఏ వరుసలో, ఎన్ని గంటలకు పోవాలో చెప్పే ప్రోగ్రాము వీళ్లు రాసి నడుపుతున్నారు. దాని గుండెకాయ మల్లిక రాసింది. ఆమె తండ్రి సంజీవప్ప గొర్రెలు మేపుతాడు. చిన్నప్పుడు సెలవుల్లో ఆయన వెంట తిరిగిన పిల్ల కాబట్టి, పటంలో దగ్గరగా కనిపించే రెండు ఊళ్లమధ్య వంక దాటాల్సి వస్తే ఎంతసేపు పడుతుందో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. అమావాస్యనాడు డ్రైవర్లు చాలామంది బండి తీయరని, ఆ రోజుకు వేరే పట్టిక ఉండాలని బెంగళూరువాళ్లకు తట్టలేదు. మల్లికకు తట్టింది.

ఆమె జర్మనీలో ఎం.ఎస్. చదవాలనుకోవడం వీరేష్‌కు మొదటినుంచీ తెలుసు. సిఫారసు లేఖ అతనే రాశాడు. రెండు ఆదివారాలు కూర్చొని, కొట్టేసి, మళ్లీ రాసి, చివరికి ఇంట్లో భార్యకు చదివి వినిపించాడు కూడా. సీటొచ్చిన రోజు టైర్ల షాపువాళ్లతో సహా అందరికీ మైసూర్‌పాక్ పంచాడు. వీసా ముద్రపడిన పాస్‌పోర్టు కొరియర్లో వచ్చినరోజు మల్లిక దాన్ని నేరుగా ఆఫీసుకే తెచ్చి అతని చేతిలో పెట్టింది. అక్టోబరు మొదట్లో చేరాలి. అడ్మిషన్ లేఖలో ఒక వాక్యం కింద ఆమె పెన్సిలుతో గీత గీసుకుంది. ఫలానా తేదీలోగా వచ్చి నమోదు కాకపోతే సీటు రద్దు, మరుసటి ఏటికి మార్చడం కుదరదు, కావాలంటే మళ్లీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవాలి అని. "చూసినావా అన్నా, ఎంత కచ్చితమో" అని ఆమె చూపిస్తే వీరేష్ ఆ వాక్యం రెండుసార్లు చదివాడు.

అతని మనసులో ఒక లెక్క ఉంది. రెండు నెలల నోటీసు. జూలైలో కిషోర్‌ని మల్లిక పక్కన కూర్చోబెట్టి తయారు చెయ్యాలి. వాడు సొంతంగా ఒకటి రెండు మార్పులు చేసి చూపించాక, బెంగళూరు కంపెనీలో తమ పని చూసే హేమలత మేడంకు మెల్లగా చెప్పాలి. ఎందుకంటే ఒప్పందంలో మల్లిక పేరుంది. ఆమె ముఖ్యమైన మనిషి అని, ఆమె మారితే తొంభై రోజుల ముందు రాతపూర్వకంగా తెలిపి, బదులు వచ్చే మనిషిని వాళ్లచేత ఒప్పించుకోవాలని, లేకపోతే ముప్పై రోజుల నోటీసుతో ఒప్పందం రద్దు చేసుకునే హక్కు వాళ్లకుంటుందని రాసి ఉంది. తొంభై రోజులన్నది వీరేష్‌కు అప్పుడు పెద్దగా అనిపించలేదు. అలాంటి వాక్యాలు ప్రతి ఒప్పందంలోనూ ఉంటాయి, మేడం మనమనిషే, మాట్లాడుకుంటే సరిపోతుందనుకున్నాడు. ఈ లెక్కంతా అతని బుర్రలోనే ఉండిపోయింది. మల్లిక ఒప్పందాన్ని ఎప్పుడూ చూడలేదు. ఆమెకు చెప్పాలని అతనికి తోచలేదు.

మెయిల్ మధ్యాహ్నం మూడు దాటాక వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. తెలుగులో చెప్పుకుంటే ఇట్లా:

"వీరేష్ అన్నకు, మిగతా అందరికీ నమస్కారం.

పై చదువుల కోసం జర్మనీ వెళ్తున్నందువల్ల నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. రెండు నెలల నోటీసు ప్రకారం ఆగస్టు ఆఖరి పనిదినం నా చివరి రోజు.

నాలుగేళ్ల కిందట ఇక్కడికి వచ్చినప్పుడు నాకు మీటింగులో నోరు విప్పడం కూడా వచ్చేది కాదు. నేను రాసిన మొదటి ప్రోగ్రాము వ్యాన్లన్నిటినీ ఒకే ఊరికి పంపితే, తిట్టకుండా పక్కన కూర్చొని సరిచేసిన వీరేష్ అన్నకు, నా తప్పులన్నీ బయటికి పోకముందే పట్టుకున్న కల్పనక్కకు, దిగులుగా ఉన్నప్పుడు నవ్వించిన కిషోర్‌కు, ప్రతి గురువారం ఓపికగా నా సందేహాలు తీర్చిన హేమలత మేడంకు, ఆమె బృందానికి ఎంత చెప్పినా తక్కువే.

పని అప్పగించడానికి ముప్పై నాలుగు పేజీల పత్రం తయారు చేసి జతపరిచాను. ప్రోగ్రాము ఎట్లా నడుస్తుందో, ఏ మార్పుకు ఎక్కడ చెయ్యి పెట్టాలో, తెలిసిన లోపాలేమిటో, ఏడాదికొకసారి చేత్తో మార్చాల్సిన పట్టికలేమిటో అన్నీ అందులో ఉన్నాయి. ఈ రెండు నెలలూ ఎవరికి ఎప్పుడు నేర్పమన్నా నేర్పుతాను. నేను వెళ్లిపోయిన తర్వాత కూడా సందేహం వస్తే ఫోను చెయ్యండి. ఏ గంటకైనా సరే, ఎవరైనా సరే, చెప్తాను.

మీ మల్లిక."

కింద ఫోను నంబరు ఉంది.

ఇంత బాగా రాసిందే పిల్ల అనుకున్నాడు వీరేష్. జవాబు రాద్దామని బటన్ నొక్కినప్పుడు పైన చిరునామాల వరుస కళ్లబడింది. తన పేరు, ఆఫీసు గ్రూపు. దాని పక్కన బెంగళూరు కంపెనీ గ్రూపు. ఆ గ్రూపులో పద్నాలుగుమంది ఉన్నారు. వాళ్లలోనే హేమలత మేడం, ఆమె పైఅధికారి, కాంట్రాక్టులు చూసే విభాగంలో ఇద్దరు.

"మల్లికా" అన్నాడు. గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "బెంగళూరోళ్లకు గూడా పెట్టినావా?"

"పెట్టినా అన్నా. ఏం?"

"ఎవరు పెట్టమన్నారు?"

ఆమె బల్లమీదనుంచి లేచింది. "ఎవరూ చెప్పలేదన్నా. మా అవ్వ చెప్తాంటాది, ఊరిడిచి పోయేటప్పుడు ప్రతి వాకిట్లోనూ నిలబడి పోయొస్తానని చెప్పి పోవల్ల, ఒక్క గడప ఇడిచిపెట్టినా వాళ్లు జన్మలో మర్సిపోరు అని. హేమలత మేడం నాలుగేండ్లు నాతో మాట్లాడింది. ఆయమ్మకు చెప్పకుండా ఎట్ల పోయేది? ఏమైందన్నా?"

వీరేష్ ఊళ్లోనూ అంతే. కొత్తకోడలు పుట్టింటికి పోతున్నా, పిల్లోడు హాస్టలుకు పోతున్నా, వీధి మొత్తం తిరిగి చెప్పొస్తారు. చెప్పకుండా పోయినవాణ్ణి పొగరుబోతు అంటారు. మల్లిక తప్పేమీ చెయ్యలేదు. మర్యాద చేసింది. ఆ మర్యాద ఎక్కడ చెయ్యకూడదో ఆమెకు చెప్పాల్సినవాడు తాను.

ఫోను ఇరవై నిమిషాలకు మోగింది. హేమలత మేడంది హిందూపురం పక్కనే గౌరిబిదనూరు. తెలుగు, కన్నడం రెండూ కలిపి మాట్లాడుతుంది.

"ఏన్రీ వీరేష్, మల్లికకు శుభాకాంక్షలు చెప్పండి. మంచి హుడుగి, మంచి పిల్ల. కానీ నాకు ముందుగా ఒక మాట చెప్పుండాల గదా మీరు? మా పైవాళ్లు మెయిల్ చూసేసినారు. నేను చూసేలోపల వాళ్లే చూసినారు."

"మేడం, ఇంకా రెండు నెలలుండాది. మావాడు కిషోర్..."

"కిషోర్ పేరు కాంట్రాక్టులో ఉందా?"

వీరేష్ ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాడు.

"నేను చెయ్యగలిగింది చేస్తా. చూస్తాం" అని ఆమె పెట్టేసింది.

గురువారం మెయిల్ వచ్చింది. ఒప్పందంలో తొమ్మిదో అంశం ప్రకారం ముఖ్యమైన మనిషి మార్పును తొంభై రోజుల ముందుగా తెలియజేయనందువల్ల రద్దు హక్కును పరిశీలిస్తున్నాం అని. ఆ పూట కల్పన టిఫిన్ డబ్బా తెరవలేదు. ఇంటర్నెట్లో 'రద్దు హక్కు' అన్నమాటకు అర్థం వెతుక్కుంటూ కూర్చుంది.

"అర్థం నేను చెప్తా అక్కా" అన్నాడు కిషోర్. "నేను ధర్మవరంలో రైలెక్కే పనుండదు, నువ్వు పెనుకొండలో ఎక్కే పనుండదు. రైలు ఖాళీగా వస్తాది." నవ్విద్దామనే అన్నాడు. చివరి మాటకు వచ్చేసరికి వాడికే నవ్వు రాలేదు.

మల్లిక తల ఎత్తలేదు. ఆ రోజునుంచి ఆమె బల్ల దగ్గర కిషోర్ కుర్చీ వేసుకొని కూర్చునేవాడు. ఆమె గంటలు గంటలు నేర్పేది. వాడు నేర్చుకునేవాడు. మధ్యలో ఆమె ఊరికే ఆగిపోయి తెరవైపు చూస్తూ ఉండేది.

శనివారం హేమలత మేడం మళ్లీ ఫోను చేసింది. ఒక దారి ఉందంది. మల్లిక ఇంకో ఆరేడు నెలలు ఉంటే, జనవరి ఆఖరిదాకా, పైవాళ్లు ఆగుతారట. రాజీనామా వెనక్కి తీసుకుంటున్నట్టు ఆమే మెయిల్ పెట్టాలి, అందరికీ. "మీరు బలవంతం చెయ్యొద్దు వీరేష్. ఆ హుడుగి భవిష్యత్తు. అడిగి చూడండి, అంతే."

అడిగి చూడమంది కాబట్టి అడుగుతున్నాను అని వీరేష్ తనకు తాను చెప్పుకున్నాడు. ఆఫీసులో అడగొచ్చు. సోమవారం పొద్దున అక్కడే, టీ గ్లాసు పట్టుకొని అడగొచ్చు. కానీ అతను ఆదివారం పొద్దున ఒక డజను అరటిపండ్లు సంచిలో వేసుకొని, బండి మీద సోమందేపల్లి దాటి, పెనుకొండ కొండ కనిపిస్తుండగా కుడివైపు మట్టిదారి పట్టి, మల్లిక ఊరికి పోయాడు. ఆఫీసులో అడిగితే ఆమె కాదనగలదు. ఇంట్లో అడిగితే కాదనలేదు. ఈ సంగతి అతనికి దారిపొడుగునా తెలుసు.

సంజీవప్ప దొడ్డి ముందర గొర్రెపిల్ల కాలికి పసుపు రాస్తున్నాడు. వీరేష్‌ని చూసి చేతులు పంచెకు తుడుచుకుంటూ లేచాడు.

"సార్! మా ఇంటికి! ఏమే మల్లికా, సార్ వచ్చినాడు చూడు. కుర్చీ తే, ఆ ప్లాస్టిక్‌ది కాదు, మంచిది."

"ఏది అయినా పర్వాలేదు పెద్దాయనా."

"మీరు లెటర్ రాసినారు గదా సార్, మీకు మంచిదే వెయ్యల్ల. ఊర్లో అందరికీ చెప్పినా, మా సార్ రాస్తే ఆ దేశమోళ్లు సీటిచ్చినారని. అగ్గో, ఆ చౌడక్క నమ్మల్యా. కాగితం చూపిచ్చినా. ఆమెకు చదువు రాదు, అయినా చూసింది."

మల్లిక కుర్చీ తెచ్చి వేసింది. మజ్జిగ ఇచ్చింది. అతనెందుకు వచ్చాడో ఆమెకు అర్థమైపోయిందని గ్లాసు అందించి లోపలికి పోకుండా ఆమె తండ్రి పక్కనే నిలబడటం చూస్తేనే తెలిసింది.

వీరేష్ చెప్పాడు. ఒప్పందం సంగతి, తొమ్మిదో అంశం సంగతి, కల్పన కూతురు సంగతి, కిషోర్ ఇంట్లో మగ్గం నిలిచిపోయిన సంగతి. ఒక్కటీ అబద్ధం కాదు. అన్నీ నిజాలే వరుసగా పేర్చాడు. చివరికి "ఆరు నెలలు ఆగితే నాలుగు ఇండ్లు నిలబడతాయి" అన్నాడు. ఏమీ అడగలేదు. అడగకుండానే ఆపేశాడు.

సంజీవప్ప కాసేపు గొర్రెపిల్ల చెవులు నిమురుతూ కూర్చున్నాడు. "సార్, మాకు ఈ కంప్యూటర్ల సంగతి తెల్దు. మీరు పొమ్మంటే పోతాది, ఉండమంటే ఉంటాది. ఒకటే మాట అడుగుతా. ఈ యేడు పోకుంటే, ఆ సీటు వచ్చే యేటికి ఇస్తారా ఆ దేశమోళ్లు?"

పెన్సిలు గీత వీరేష్ కళ్లముందు కదిలింది. మార్చడం కుదరదు అన్న వాక్యం. ఇవ్వరు అని ఒక్కమాట చెప్తే సంజీవప్ప "అట్లయితే పంపిచ్చేస్తా సార్" అంటాడు. తాను లేచి, బండెక్కి, హిందూపురం పోయి, ముప్పై రోజుల నోటీసు కోసం ఎదురుచూస్తాడు.

"ఇస్తారు పెద్దాయనా" అన్నాడు. "మళ్లీ అప్లై చెయ్యాల, అంతే. నేనుండాను గదా, లెటర్ మళ్లీ రాస్తా."

మల్లిక అతనివైపు చూసింది. కోపంగా కాదు. చూసి, ఒక్క క్షణం తర్వాత చూపు దించుకుంది. ఆమె నోరు విప్పి 'కాదు నాయనా, ఇయ్యరు' అనుంటే వీరేష్ తలదించుకొని పోయేవాడే. ఆమె అనలేదు. ఎందుకనలేదో అతను ఎప్పుడూ అడగలేదు. ఆఫీసు మునిగేది తన మెయిల్ వల్లే అనుకుందేమో. తనకు లేఖ రాసిన మనిషిని తండ్రి ముందర అబద్ధాలకోరును చెయ్యలేకపోయిందేమో.

"సరే అన్నా. రేపు మెయిల్ పెడతా" అంది. "అందరికీ పెట్టల్ల గదా? ఈసారి అందరికీ పెట్టమంటావా?"

ఆ మాటలో ఎగతాళి లేదు. నిజంగానే అడిగింది. వీరేష్ తలూపాడు.

సంజీవప్ప వద్దంటున్నా వినకుండా నాటుకోడి కోయించాడు. వీరేష్ తిన్నాడు. ముద్ద గొంతు దిగడానికి రెండు చెంబుల నీళ్లు తాగాడు.

రెండో మెయిల్ మూడు వాక్యాలు. వ్యక్తిగత కారణాలవల్ల రాజీనామా ఉపసంహరించుకుంటున్నాను, కలిగిన ఇబ్బందికి క్షమించండి, జనవరి ఆఖరిదాకా పనిలో ఉంటాను. హేమలత మేడం బృందంనుంచి చాలా సంతోషమని జవాబులొచ్చాయి. ఒకాయన చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. తొమ్మిదో అంశం గురించి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. కల్పన దేవుడికి కొబ్బరికాయ కొట్టి, సగం చిప్ప మల్లిక బల్లమీద పెట్టి, ఏడ్చేసింది. "నీ పేరు చెప్పుకొని నా బిడ్డ బతుకుతాది మల్లికా" అంది. మల్లిక ఆ చిప్పవైపు చూసి, "ఊరుకో అక్కా" అంది.

నమోదు గడువు అక్టోబరులో ఒక బుధవారం. ఆ రోజు ప్రోగ్రాములో దసరా సెలవుల పట్టిక తప్పుపోయి, మడకశిర వైపు రెండు వ్యాన్లు ఖాళీగా తిరిగొచ్చాయి. మల్లిక పొద్దున ఐదింటినుంచి దాన్ని సరిచేస్తూ కూర్చుంది. వీరేష్ సాయంత్రంవరకూ ఆ తేదీ ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం బ్యాగులోనుంచి పాస్‌పోర్టు తీసి, ఎందుకు తెచ్చుకుందో ఏమో, మళ్లీ బ్యాగులోనే పెట్టుకొని మెట్లు దిగింది.

నవంబరులో హేమలత మేడం గురువారం కాల్‌లో కొత్త మనుషులను పరిచయం చేసింది. బెంగళూరులోనే వేరే పెద్ద కంపెనీ. "బ్యాకప్ టీమ్. మల్లికకు ఒంట్లో బాగలేకపోయినా ఇబ్బంది రాకూడదని మావాళ్లు పెట్టినారు, అంతే" అంది. ఆరుగురు. వాళ్లలో పెద్దవాడిలా కనిపించిన అతను తెరమీద ఒక ఫైలు తెరిచి, "మేము దీన్ని చదివాం. చాలా బాగుంది. పదిహేడో పేజీలో ఒక సందేహం" అన్నాడు.

వీరేష్ ఆ ఫైలును గుర్తుపట్టాడు. ముప్పై నాలుగు పేజీలు. జూన్‌లో మెయిల్‌కు జతపరిచిన పత్రం. మెయిల్ వెనక్కి తీసుకున్నారు. పత్రాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేదు. తీసుకోవడం కుదరదు కూడా. ప్రోగ్రామంతా బెంగళూరు కంపెనీ ఖాతాలోనే ఉంటుంది, దానిమీద హక్కు వాళ్లదే. మనుషులు మాత్రమే హిందూపురంలో ఉన్నారు. వాళ్లకు ఇన్నాళ్లూ లేనిది మల్లిక తలకాయలోని మాట, అది కాగితంమీద ఉచితంగా వచ్చింది. కాగితం చదువుకోవడానికి వాళ్లకు ఆరు నెలల సమయం కావాల్సింది. చదివేటప్పుడు పక్కన కూర్చొని చెప్పేవాళ్లు ఒకరు కావాల్సింది.

కాల్ అయిపోయాక కిషోర్ కుర్చీ వెనక్కి తోసి, "అన్నా, బ్యాకప్ అంటే ఆరుగురా? మనమే నలుగురం గదా" అన్నాడు. కింద షాపులో గాలి కొట్టే యంత్రం ఆగింది, మళ్లీ మొదలైంది.

మల్లిక వాళ్లకు నేర్పింది. నేర్పకపోవడానికి దారి లేదు, ఒప్పందంలో అదీ ఉంది. ఉన్నా లేకున్నా ఆమె అట్లా నేర్పేదే. వారానికి మూడు రోజులు, రెండేసి గంటలు. కిషోర్‌కు నేర్పినట్టే నేర్పింది. సందేహం అడిగితే విసుక్కోకుండా, వాళ్లకు తోచనిదాన్ని కూడా తానే ఎత్తి చెప్పింది. పక్కగదిలో ఆ గొంతు వింటూ వీరేష్ ఒకసారి లేచి వెళ్లి, "కొంచెం దాచుకో మల్లికా" అనబోయాడు. తలుపు దగ్గరదాకా పోయి తిరిగొచ్చాడు. తాను ఆమెకు చెప్పగలిగిన మాటల కోటా అయిపోయిందనిపించింది.

జనవరి రెండో వారంలో, ఆ నెలాఖరుతో ముగిసే ఒప్పందాన్ని పొడిగించడం లేదని మెయిల్ వచ్చింది. మర్యాదగా ఉంది. ఇన్నేళ్ల సహకారానికి కృతజ్ఞతలు, ముఖ్యంగా సమగ్రమైన అప్పగింత పత్రానికి. దాన్ని వాళ్లు అందరికీ పెట్టారు. పద్నాలుగుమందికి, వీళ్ల నలుగురికి, కొత్త ఆరుగురికి.

హేమలత మేడం ఫోను చేసి, "నాకు ముందే తెలీదు వీరేష్, నా మాట నమ్మండి" అంది. వీరేష్ నమ్మాడో లేదో అతనికే తెలియలేదు. సంజీవప్ప ముందర తానాడిన 'ఇస్తారు' అన్న మాట గుర్తొచ్చి, ఎదుటివాళ్ల అబద్ధం తూచడానికి తన దగ్గర తూనికరాయి లేదనిపించింది.

ఆఖరి శుక్రవారం బల్లలు ఖాళీ చేశారు. కల్పన పెనుకొండలో ఒక బడిలో కంప్యూటర్ టీచరు ఉద్యోగం అడిగిందట, రమ్మన్నారో లేదో చెప్పలేదు. కిషోర్ బెంగళూరు పోతున్నాడు, స్నేహితుడి గదికి. "సూట్‌కేసు నాదే కొనుక్కున్నా అక్కా, నీదాంట్లో చోటు లేదు గదా" అని మల్లికతో అన్నాడు. ఆమె వాడి తలమీద చిన్నగా మొట్టింది.

అందరూ మెట్లు దిగాక మల్లిక చివరగా మిగిలింది. తన కుర్చీ బల్లకిందికి తోసి, వీరేష్ ముందు నిలబడింది.

"రికమెండేషన్ లెటర్ ఇంకోటి కావాలేమో అన్నా" అంది. "అప్లై చెయ్యాలంటే. పనిచేసే చోటునుంచి అడుగుతారు."

"రాస్తా. ఇప్పుడే రాస్తా."

"ఈ ఆఫీసు పేరుతో రాస్తే, వాళ్లు విచారిస్తే, ఆఫీసు లేదని తెలుస్తాది గదా."

అతను లెటర్‌హెడ్ కోసం సొరుగు తెరిచినవాడు అట్లానే ఆగిపోయాడు.

"మా నాయన రోజూ అడుగుతాండాడన్నా. వచ్చే యేడు ఎప్పుడొస్తాది, సార్ చెప్పినాడు గదా అని. నేను ఇంకా ఏం చెప్పలేదు." ఆమె గొంతులో నింద లేదు, అందుకే వినలేకపోయాడు. "ఆరోజు నీకు తెలుసు గదా అన్నా?"

కింద ఎవరో లారీవాడు గట్టిగా హారన్ కొట్టాడు. వీరేష్ సొరుగు మూశాడు. తెలుసు అనాలనుకున్నాడు. ఆమె ఆ జవాబు కోసమే నిలబడి ఉన్నట్టు కొంతసేపు నిలబడి, ఇక రాదనుకుందేమో, బ్యాగు భుజాన వేసుకుంది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. నంబరు చూసి, మెట్ల దగ్గర ఆగి ఎత్తింది.

"చెప్పండి." అవతల కొత్త బృందంలోని బెంగళూరు కుర్రాడు ఏదో అడుగుతున్నాడు, గొంతులో కంగారు. మల్లిక వింటోంది. "లేదు, అది తప్పు కాదు. అమావాస్య పట్టిక అది. ఇరవై ఆరో పేజీ చూడండి... అవును, దాన్ని ఏటా చేత్తోనే మార్చల్ల. లేకపోతే ఆ రోజు బండ్లు రాక, పాలు ఊర్లలోనే విరిగిపోతాయి. రాసుకుంటున్నారా?"

వీరేష్ ఆమె చేతిలో ఫోను లాగి పారేద్దామనుకున్నాడు. ఇప్పుడు నీకేం పని, వాళ్లకెందుకు చెప్తావు అని అరుద్దామనుకున్నాడు. కానీ ఆమె అట్లా రాసిచ్చింది. ఏ గంటకైనా సరే, ఎవరైనా సరే అని. అందరికీ పెట్టిన మాట.

"పర్వాలేదు, మళ్లీ చెప్తా. మెల్లగా రాసుకోండి" అంటూ మల్లిక ఒక్కో మెట్టూ దిగింది. ఆమె గొంతు కింద గాలి కొట్టే యంత్రం చప్పుడులో కలిసిపోయేదాకా, వీరేష్ ఖాళీ బల్లల మధ్య నిలబడి విన్నాడు.